రెండు నెలల బేరం తర్వాత పౌచ్‌ల సప్లయర్‌కి "వద్దు" అని చెప్పడం – నా అనుభవం

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడి. ఇంట్లోనే జీడిపప్పు ప్యాకింగ్ చేస్తాం. పలాస నుంచి, ఇటు కాశీనగర్ వైపు నుంచి పప్పు తెచ్చుకుని గుండ్లు, బద్దలు వేరుచేసి 250 గ్రాముల ప్యాకెట్లు కట్టి ఊళ్లో షాపులకీ, గుణుపురం, బరంపురం షాపులకీ వేస్తాం. నెలకి సుమారు 1,500 ప్యాకెట్లు పోతాయి. దసరా, దీపావళికి పెరుగుతాయి, వేసవిలో పడిపోతాయి. ఇప్పటిదాకా సాదా జిప్పర్ పౌచ్ కొనుక్కుని దాని మీద స్టిక్కర్ అతికిస్తున్నాం. ఈ సంక్రాంతి వెళ్లాక మా ఆయన పట్టుబట్టారు, ఈసారి పేరు ప్రింటు అయిన పౌచ్ చేయిద్దాం, షాపులో అరమీద నిలబడితే చూడ్డానికి పెద్ద కంపెనీ సరుకులా ఉంటుంది అని. సరే అని విశాఖలో ఒక పౌచ్‌ల తయారీదారు నంబరు దొరికితే జనవరి నెలాఖరులో ఫోన్ చేశాం.

ఇక్కడ రాయాలనుకున్నది ఆ బేరం గురించి కాదు, దాన్ని ఎలా ముగించాం అన్నదాని గురించి. కానీ బేరం ఎంత దూరం వెళ్లిందో చెప్పకపోతే వద్దనడం ఎందుకంత కష్టమైందో అర్థం కాదు.

మొదట వాళ్లిచ్చిన కొటేషన్ కిలో 385 రూపాయలు, కనీసం 500 కిలోలు తీసుకోవాలి, జీఎస్టీ 18 శాతం అదనం. పౌచ్‌లు లెక్కన అమ్మరు, కిలోల్లో అమ్ముతారు, ఈ సంగతి మాకు కొత్త. ప్రింటింగ్‌కి సిలిండర్లు వేరే. ఒక్కో రంగుకి ఒక్కో సిలిండర్ చెక్కించాలి, మా డిజైన్‌లో 7 రంగులు, ఒక్కోటి 4,500 చొప్పున 31,500. అక్కడి మేనేజర్ గారు చాలా ఓపిక ఉన్న మనిషి. కిలోకి ఎన్ని పౌచ్‌లు వస్తాయని అడిగితే సుమారుగా అని వదిలేయకుండా పౌచ్ కొలతలు, కింద మడత, ఫిల్మ్ మందం అన్నీ వేసి మా సైజుకి 95 దాకా వస్తాయని కాగితం మీద లెక్క చేసి ఫోటో పంపారు. ఫిబ్రవరి అంతా ఆయనతో ఫోన్లే. 500 కిలోలు 300కి దిగాయి. రేటు 385 నుంచి 360కి వచ్చింది. సిలిండర్ల డబ్బులో సగం రెండో ఆర్డరులో సర్దుతామన్నారు. చివరికి, సరుకు మొత్తం ఒకేసారి తీసుకోనక్కర్లేదు, సగం మా గోడౌన్‌లో ఉంచుతాం, మీకు కావాల్సినప్పుడు పంపుతాం అని కూడా ఒప్పుకున్నారు.

ఈ మధ్యలో శాంపిళ్లు. పర్లాకిమిడి అడ్రసుకి కొరియర్ పెడితే బరంపురం తిరిగి వచ్చేసరికి వారం పడుతోందని, ఆయనే ఆలోచించి ఆర్టీసీ కార్గోలో పాతపట్నం పంపారు. ఇక్కడి నుంచి పక్కనే కాబట్టి మా ఆయన బండి మీద వెళ్లి తెచ్చుకున్నారు. మూడు రకాలు పంపారు. అందులో మేం పప్పు నింపి సీలు వేసి తిరిగి పంపితే వాళ్లు లీకేజీ టెస్టు చేసి వీడియో పెట్టారు. నీళ్ల తొట్టిలో పౌచ్ ముంచి పైనుంచి నొక్కుతుంటే జిప్పు చివర, పక్క సీలు కలిసే మూల నుంచి సన్నగా బుడగలు వరసగా పైకొస్తున్నాయి. పౌచ్ ఎక్కడా చిరగలేదు, సీలు ఊడలేదు, ఆ ఒక్క మూలలోనే జిప్పు సరిగ్గా నలగక గాలి పోతోంది. మేం ఇన్నాళ్లూ కొంటున్న సాదా పౌచ్‌లో పప్పు నెల తిరక్కుండా ఎందుకు మెత్తబడుతోందో ఆ వీడియో చూశాక తెలిసింది. ఆయన మెషిన్‌లో ఆ మూల వేడి సరిచేయించి మళ్లీ శాంపిల్ పంపారు, ఈసారి బుడగ రాలేదు. దీనికి ఒక్క రూపాయి తీసుకోలేదు.

ఇంత చేసిన మనిషికి ఏ మొహం పెట్టుకుని వద్దంటాం?

మార్చి 9న పీఐ, అంటే ఆర్డర్ ఖాయం చేసే ముందు పంపే ప్రొఫార్మా ఇన్‌వాయిస్, వచ్చింది. మా ఆయన మొత్తం ఎంతో చూశారు, నేను కింద చిన్నక్షరాలు చదివాను. సరుకు 300 కిలోలకి 1,08,000, జీఎస్టీతో 1,27,440. సిలిండర్లు జీఎస్టీతో 37,170. అంతా కలిపి 1,64,610. సిలిండర్ల డబ్బు మొత్తం, సరుకు డబ్బులో సగం ముందు కట్టాలి, మిగతాది సరుకు బయల్దేరే ముందు. కింద ఇంకో వాక్యం, పరిమాణం 10 శాతం అటూ ఇటూ అవ్వచ్చు అని. అంటే వాళ్లు 330 కిలోలు తీస్తే 330కీ మేం డబ్బు కట్టాల్సిందే. ఇది వాళ్ల మోసమేమీ కాదు. రోల్ మీద ప్రింటు వేసేటప్పుడు సరిగ్గా 300 దగ్గర ఆపలేరు, ఆ పనిలో అందరూ అలాగే రాసుకుంటారట. కానీ మాలాంటి చిన్నవాళ్లకి ఆ 30 కిలోలే రెండు నెలల పౌచ్‌లు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. 300 కిలోలంటే 28,500 పౌచ్‌లు. నెలకి 1,500 చొప్పున పంతొమ్మిది నెలలు. పౌచ్ ఒక్కోటి సిలిండర్ల ఖర్చుతో కలిపి 5 రూపాయల 78 పైసలు పడుతుంది. మేం ఇప్పుడు వాడే సాదా పౌచ్ 5.40, స్టిక్కర్ 1.30, కలిపి 6.70. అంటే ప్రింటెడ్ పౌచ్ తొంభై పైసల పైనే చవక. మా ఆయన సంబరం అదే. కానీ ఈ ఏడాదిలోనే మేం ఇంట్లోంచి మార్కెట్ వైపు ఒక షెడ్డుకి మారాలనుకుంటున్నాం. మారితే ప్యాకెట్ మీద అడ్రసు మారుతుంది. ఇప్పుడు మాకున్నది చిన్న ఆహార వ్యాపారాలకిచ్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్, 14 అంకెల నంబరు, 2తో మొదలవుతుంది. అక్కడికి వెళ్లి పని పెంచుకుని లైసెన్సు తీసుకుంటే నంబరే వేరు, అది 1తో మొదలవుతుంది. పాత నంబరు, పాత అడ్రసు ఉన్న ఇరవై వేల పౌచ్‌లు అప్పుడు ఏం చేసుకోవాలి? పైన స్టిక్కర్ అతికించి అమ్మేయచ్చులే అన్నవాళ్లు ఉన్నారు. స్టిక్కరే అతికించేటట్టయితే ఈ లక్షన్నర ఎందుకు?

మేనేజర్ గారికి ఈ సంగతి ముందే చెప్పాను, దాచలేదు. అప్పుడే ఆయన చాలా మంచి సలహా ఒకటి ఇచ్చారు. మారే అవకాశం ఉన్న వివరాలన్నీ, అంటే అడ్రసు, లైసెన్సు నంబరు, కస్టమర్ కేర్ నంబరు, అన్నీ నలుపు రంగులోనే డిజైన్ చేయించండి, అప్పుడు మారినప్పుడు నలుపు సిలిండర్ ఒక్కటి చెక్కించుకుంటే చాలు, మిగతా ఆరూ అలాగే పనికొస్తాయి అని. ఎంఆర్‌పీ, తయారీ నెల, బ్యాచ్ నంబరు ఉండాల్సిన చోట ఖాళీ గడి వదిలేయండి, అవి ప్యాకింగ్ రోజున మీరే కొట్టుకోవచ్చు అని కూడా చెప్పారు. సిలిండర్ల సమస్య దీంతో తీరింది. కానీ అప్పటికే ప్రింటు అయిపోయిన సరుకు సమస్య తీరదు. గోడౌన్‌లో వాళ్లు ఉంచినా అది మా పేరు వేసిన సరుకే. 300 కన్నా తగ్గించలేరా అంటే, ఫిల్మ్ ఎక్కించి రంగులు కుదిరేలోపే నలభై యాభై కిలోలు వృథా పోతుందమ్మా, ఇంకా తగ్గిస్తే మాకు గిట్టదు అన్నారు. తక్కువ సంఖ్యలో వేసే డిజిటల్ ప్రింటింగ్ వాళ్ల దగ్గర లేదు.

కాబట్టి వద్దు అని తేలిపోయింది. అసలు తిప్పలు ఇక్కడే మొదలయ్యాయి.

మా ఆయన, మరిది ఇద్దరూ ఒకటే మాట. వద్దని ఎందుకు చెప్పడం, "చూసి చెప్తాం సార్" అని ఊరుకుంటే ఆయనకే అర్థమవుతుంది, రేపు అవసరమైతే మళ్లీ ఫోన్ చేయొచ్చు. మనవైపు సగం వ్యాపారం ఇలాగే నడుస్తుంది, మొహం మీద వద్దనడం మర్యాద కాదనుకుంటాం. కానీ నాకు ఆ మేనేజర్ అంతకుముందు అన్న మాట గుర్తుంది, మీకోసం మార్చి మూడో వారంలో మెషిన్ మీద రెండు రోజులు పెట్టానమ్మా, శనివారం లోపు చెప్తే ఫిల్మ్ తెప్పిస్తాను అని. మనం చూస్తాం చూస్తాం అంటుంటే ఆయన ఆ రెండు రోజులూ ఆపి ఉంచుతాడు, ఇంకో పార్టీని వెనక్కి తోస్తాడు, తర్వాత వాళ్ల ఓనరు దగ్గర మాట పడతాడు. అది మర్యాద ఎలా అవుతుంది? రెండు నెలలు ఆయన పని చేశాడు కాబట్టే ఆయనకి సూటిగా, త్వరగా చెప్పాలి అని నేను పట్టుబట్టాను. ఇంట్లో కాస్త వాదన అయింది, చివరికి "అయితే నువ్వే చెప్పు" అన్నారు.

ఫోనా, మెసేజా అన్నది ఇంకో ప్రశ్న. ఫోన్ చేస్తే ఆయన మొదటి మాటకే "రేటు ఎంతైతే చేస్తారు?" అంటాడని తెలుసు, ఆ పని ఆయన రోజూ చేస్తాడు, నేను చేయను. ఫోన్‌లో నేను మెత్తబడతాను. పైగా పీఐ రద్దు చేయమన్నది రాతలో ఉండాలి. మేం సంతకం పెట్టలేదు, అడ్వాన్స్ పంపలేదు, కానీ వాట్సాప్‌లో మా ఆయన "ఓకే సార్", బొటనవేలు గుర్తు ఎన్నిచోట్ల పెట్టారో పైకి జరిపి చూస్తే నాకే భయం వేసింది. దేనికి ఓకే అన్నారో రేపు ఎవరు చెప్తారు? అందుకే ముందు మెసేజ్, తర్వాత ఆయన ఫోన్ చేస్తే ఎత్తి మాట్లాడటం, తప్పించుకోకుండా. అదే మెసేజ్ పీఐ వచ్చిన మెయిల్‌కి జవాబుగా కూడా పెట్టాను.

రాయడానికి ఒక సాయంత్రం పట్టింది. మొదట రాసింది చదివి మా తోటికోడలు, ఇది వద్దన్నట్టు ఎక్కడుంది అక్కా అంది. నిజమే, పొగడ్త పొగడ్తగా నాలుగు వాక్యాలు పోయాక "కానీ" వచ్చింది. అవతలి మనిషి ఆ "కానీ" కోసమే గుండె పట్టుకుని చదువుతాడు. దాంతో నిర్ణయాన్ని మొదటి వాక్యానికి తెచ్చి, పొగడ్త కిందికి దించాను. మా ఆయన "రేటు కొంచెం ఎక్కువైంది అని రాయి, అదే గౌరవంగా ఉంటుంది" అన్నారు. అది అబద్ధం, పైగా ప్రమాదం. రేటు ఎక్కువ అన్న మరుక్షణం ఆయన తగ్గిస్తాడు, తగ్గించాక మళ్లీ వద్దంటే అప్పుడు నిజంగా పోయేది మన పరువు. వాళ్లు తీర్చలేని కారణం, అదీ నిజమైన కారణం, ఒక్కటే రాయాలి అనుకున్నాను. రెండు మూడు కారణాలు రాస్తే వాటిలో సులువైనది పట్టుకుని బేరం మళ్లీ మొదలవుతుంది.

చివరికి పంపింది ఇది. పేరు, నంబర్లు తీసేసి ఉన్నదున్నట్టు పెడుతున్నాను:

"నమస్కారం సార్. 250 గ్రాముల ప్రింటెడ్ జిప్పర్ పౌచ్‌ల ఆర్డర్ మీకు ఇవ్వడం లేదని చెప్పడానికి రాస్తున్నాను. మార్చి 9న పంపిన పీఐ దయచేసి రద్దు చేయండి. మా కోసం ఫిల్మ్ గానీ సిలిండర్లు గానీ తెప్పించవద్దు. మెషిన్ మీద మాకు పెట్టిన రోజులు వేరేవాళ్లకి ఇచ్చేయండి.

కారణం రేటు కాదు. మీ రేటు ఇప్పుడు మేం పెడుతున్న ఖర్చు కన్నా తక్కువే. మా యూనిట్ ఈ ఏడాది వేరే చోటికి మారుతుంది, అడ్రసు, లైసెన్సు నంబరు రెండూ మారతాయి. 300 కిలోలు మాకు ఏడాదిన్నర పైన వస్తాయి. అంతకన్నా తగ్గిస్తే మీకు గిట్టదని మీరు చెప్పారు, అది న్యాయమే. అందుకని రేటులో, అడ్వాన్స్‌లో ఏ మార్పు చేసినా మా నిర్ణయం మారదు. దయచేసి దాని కోసం మీరు శ్రమపడవద్దు.

జిప్పు మూల దగ్గర లీకేజీ మీరు చూపించేదాకా మా పప్పు ఎందుకు మెత్తబడుతోందో మాకు తెలియదు. మారే వివరాలన్నీ నలుపులో పెట్టమన్న సలహా కూడా ఇంకెవరూ చెప్పలేదు. ఆర్డర్ రాకముందే మీరు ఇంత సమయం పెట్టారు. మా ఇద్దరి తరఫున ధన్యవాదాలు.

మీ డిజైనర్ చేసిన డిజైన్‌ని స్టిక్కర్‌కి వాడుకోవాలని ఉంది. మీకు అభ్యంతరం లేకపోతే దాని ఛార్జీ బిల్లు పంపండి, కట్టాకే ఫైలు తీసుకుంటాం. మీ రేట్లు, పీఐ మేం ఎవరికీ చూపించం. కొత్త లైసెన్సు వచ్చి నెలకి 4,000 పౌచ్‌లు దాటిన రోజున మిమ్మల్ని తప్పకుండా రేటు అడుగుతాం. అప్పటిదాకా ఫాలోఅప్ అవసరం లేదు."

ఆ 4,000 అన్న అంకె దగ్గర కూడా చర్చ జరిగింది. మా ఆయన "ముందుముందు తప్పకుండా కలిసి పనిచేద్దాం" అని రాయమన్నారు. అలా రాస్తే పదిహేను రోజులకోసారి "మేడమ్, ఏమైంది" అని మెసేజ్ వస్తుంది, ఆయన తప్పు లేదు, మనమే ఆశ పెట్టినట్టు. నెలకి 4,000 అయితే 300 కిలోలు ఏడు నెలల్లో అయిపోతాయి, అది మేం మోయగలం. అందుకే అంకె రాశాను. "మొదట మీకే ఇస్తాం" అని కూడా రాయలేదు, రేటు అడుగుతాం అన్నంతవరకే. ఇవ్వగలిగిన మాట అంతే.

మార్చి రెండో వారం, శుక్రవారం పొద్దున పదిన్నరకి పంపాను. శనివారం దాకా ఆగితే ఆయన గడువు రోజే చెప్పినట్టవుతుందని. నీలం టిక్కులు వెంటనే వచ్చాయి. జవాబు లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి, లేదు. చెప్పకూడదు గానీ ఆ నాలుగైదు గంటలూ నాకు ఒకటే టెన్షన్, పప్పు ఏరుతూ ఫోన్ వైపే చూస్తున్నాను. తప్పేం చేయలేదని తెలుసు, అయినా ఎవరి ఇంట్లోనో భోజనం చేసి చెప్పకుండా వచ్చేసినట్టు అనిపించింది.

మూడున్నరకి ఫోన్ వచ్చింది. "ఏంటమ్మా, ఎక్కడ తేడా వచ్చింది? నిజం చెప్పండి, హైదరాబాద్ వాళ్లు ఎవరైనా తక్కువకి ఇచ్చారా?" అన్నారు. లేదు సార్, మెసేజ్‌లో రాసిందే కారణం, ఇంకెవరి దగ్గరా చేయించడం లేదు, స్టిక్కరే కొనసాగిస్తున్నాం అన్నాను. ఒక్క క్షణం ఆగి, "స్టిక్కర్ మీకు ఎక్కువ పడుతుంది కదమ్మా" అన్నారు. పడుతుంది సార్, పౌచ్‌కి తొంభై పైసలు ఎక్కువే, కానీ నెలకి నెల సరిపడా కొనుక్కుంటాం అన్నాను. అప్పుడు ఆయన నవ్వి, "పోనీలెండి, చెప్పారు, అదే పదివేలు. చాలామంది ఫోనే ఎత్తరు" అన్నారు. మెషిన్ రోజులు సంగతి అడిగితే, ఒంగోలు పార్టీ ఒకరు వెయిటింగ్‌లో ఉన్నారు, వాళ్లకి ఇచ్చేస్తాను అన్నారు. ఇంతే అయిపోయిందనుకున్నాను.

అవలేదు. సోమవారం ఇంకో నంబరు నుంచి ఫోన్. వాళ్ల ఓనరుగారట. మార్చి నెల, సంవత్సరాంతం, టార్గెట్లు, ఆయన బాధ ఆయనది. కిలోకి ఇంకో 10 రూపాయలు తగ్గిస్తాను, సిలిండర్లు పూర్తిగా ఫ్రీ, మీరు మంచి పార్టీ అని మా మేనేజర్ చెప్పాడు, వదులుకోవాలని లేదు అన్నారు. సిలిండర్లు ఫ్రీ అంటే 37,170 తగ్గినట్టు. ఇంట్లో మళ్లీ కదలిక వచ్చింది. మా ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది! నేను మళ్లీ లెక్క వేయలేదు, వేయాల్సిన అవసరం లేదు, ఎందుకంటే మేం రాసిన కారణంలో రూపాయల ప్రసక్తే లేదు. సిలిండర్లు ఊరికే వచ్చినా ఇరవై వేల పౌచ్‌ల మీద పాత అడ్రసు పాత అడ్రసే. కారణం నిజమైనది రాసుకుంటే రెండోసారి మాట వెతుక్కోనక్కర్లేదు, అదొక్కటే ఆ రోజు నాకు తేలికైన విషయం. ఫోన్‌లోనే చెప్పాను: "సార్, మీరు ఇంత తగ్గిస్తామన్నందుకు సంతోషం, కానీ మా అడ్డంకి డబ్బు కాదు. మేనేజర్ గారికి రాసిన మెసేజ్ మీకూ పంపుతాను, అదే మా తుది మాట." పంపాను. పైన ఒక్క వాక్యం కలిపాను, మేనేజర్ గారు మాకు మొదటి నుంచీ ఎంత బాగా సహకరించారో, ఆర్డర్ రాకపోవడంలో ఆయన లోపం ఏమీ లేదని. అది నేను మర్యాదకి రాసింది కాదు. ఆర్డర్ పోతే వాళ్ల దగ్గర ఎవరి మీద పడుతుందో ఊహించగలం. ఆ వాక్యం చూసి కాబోలు మేనేజర్ గారు సాయంత్రం ఒక దండం గుర్తు పెట్టారు.

అనుకోని ఖర్చు ఒకటి తగిలింది, డిజైన్ ఛార్జీ. మొదట్లో డిజైన్ ఫ్రీ అన్నారు, అంటే ఆర్డర్ ఇస్తే ఫ్రీ అన్నమాట. బిల్లు 3,500, పైన జీఎస్టీ 630, మొత్తం 4,130 వచ్చింది. మా మరిది, "అడక్కుండా ఉంటే వాళ్లు పంపేవాళ్లే కాదు, స్క్రీన్‌షాట్ నుంచి మన దగ్గర ఎవరైనా దింపేసేవాళ్లు" అన్నాడు. దింపేవాళ్లే. కానీ ఆ డిజైనర్ కుర్రాడు మా ఊరి జీడి తోట ఫోటో కావాలని అడిగి, నాలుగుసార్లు మార్చి, ఒడియాలో పేరు రాసేటప్పుడు అక్షరం సరిగ్గా ఉందో లేదో మాకు ఫోన్ చేసి మరీ చూసుకున్నాడు. డబ్బు కట్టాక రెండు రోజులకి ఫైలు వచ్చింది, కోరల్‌డ్రాలో ఒకటి, పీడీఎఫ్ ఒకటి. మీరు అడిగేటప్పుడు తెరిచి మార్చుకోగలిగే ఫైలు కావాలని అడగండి. పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే స్టిక్కర్ సైజుకి సర్దడం ప్రింటింగ్ వాళ్లకి కష్టమవుతుంది.

ఇంకో సంగతి. ఉగాది ముందు మేనేజర్ గారు మళ్లీ మెసేజ్ పెట్టారు. ఫాలోఅప్ వద్దన్నాం కదా అని మా ఆయన నవ్వారు గానీ ఇది వేరే మాట. మా దగ్గర సాదా జిప్పర్ పౌచ్‌లు రెడీ స్టాక్ ఉంటాయి, 25 కిలోలైనా ఇస్తాం, మూల లీకేజీ లేనివి, కావాలా అని. ఇవి వాళ్ల దగ్గర ఉన్నాయని రెండు నెలల్లో ఒక్కసారి కూడా అనలేదు, మనం ప్రింటెడ్ అడిగాం కాబట్టి ప్రింటెడే చెప్పారు. రేటు అడిగి, కార్గో ఛార్జీ వేసి చూస్తే పౌచ్ 6.10 పడుతోంది, బరంపురం డీలర్ దగ్గర 5.40. అయితే బరంపురం పౌచ్‌లకి మూల లీకేజీ ఉందే! డీలర్ దగ్గరికి వెళ్లి ఆయన కళ్లెదుటే బకెట్లో ముంచి చూపించాను. వేరే కంపెనీ పౌచ్ ఇచ్చాడు, 5.65. దానికి బుడగ రాలేదు. అందుకని విశాఖకి మళ్లీ రెండు లైన్లు రాశాను: "సార్, గుర్తుపెట్టుకుని అడిగినందుకు థాంక్స్. సాదా పౌచ్ మాకు దగ్గర్లో మీ టెస్టు దాటినది దొరికింది, కార్గో కలిపితే మీది మాకు కుదరడం లేదు, ఈసారికి తీసుకోవడం లేదు."

ఈసారి కారణం నిజంగా రేటే కాబట్టి రేటే అని రాశాను. పావుగంటలో జవాబు వచ్చింది, "కార్గో మేం పెట్టుకుంటే?" అని. 50 కిలోలు తీసుకుంటే అట, పౌచ్ 5.50 పడుతుంది. దాని గురించి మా ఇంట్లో ఇంకా మాట్లాడుకుంటున్నాం.